పాసేజ్ చదవకుండానే జవాబు వచ్చేస్తుందా? అయితే ఆ ప్రశ్న మార్చాల్సిందే!

ఈ ఎపిసోడ్ టీచర్లకు, ట్యూషన్ చెప్పే అక్కలకు, అన్నలకు, ఇంట్లో తమ్ముడినో చెల్లినో కూర్చోబెట్టి చదివించే వాళ్లకు. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం వైపు నుంచి చాలామంది ఒకటే అడుగుతున్నారు: "అన్నా, ఐదో తరగతి పిల్లలకు ఒక పేరా ఇచ్చి, దాని కింద ప్రశ్నలు రాయాలి. ఎట్లా రాయాలి?" పాఠం చదివి ప్రశ్నలకు జవాబులు రాయండి అంటారు కదా, అదే.

ముందు ఒక చిన్న ఆట ఆడదాం. ఈ వాక్యం చదవండి.

"గెంబులోకి తిరకలు ఊరాయి."

ఇప్పుడు ప్రశ్న. గెంబులోకి ఏం ఊరాయి? తిరకలు. కరెక్ట్, ఒక మార్కు వచ్చేసింది. కానీ గెంబు అంటే ఏంటి? తిరకలు అంటే ఏంటి? మీకు తెలీదు, నాకూ తెలీదు. ఆ రెండు మాటలూ నేను ఇప్పుడే కల్పించాను. అంటే అర్థం ఒక్క ముక్క తెలియకుండానే మార్కు తెచ్చుకోవచ్చు అన్నమాట. ప్రశ్నలో ఉన్న మాటని పేరాలో వెతికి, పక్కనున్న మాటని కాపీ కొడితే చాలు.

మన క్వశ్చన్ పేపర్లలో చాలా ప్రశ్నలు ఇలాగే ఉంటాయి. దీంతో నష్టం ఎవరికి? చదివినది అర్థం కాని పిల్లాడికి కూడా పదికి ఎనిమిది వస్తాయి. వాడికి కష్టంగా ఉందని టీచర్‌కి తెలీదు, ఇంట్లో తెలీదు. ఏడో తరగతిలో సైన్స్, సోషల్ పాఠాలు పెద్దవైనప్పుడు ఒక్కసారిగా బయటపడుతుంది. అప్పటికి రెండేళ్లు పోయి ఉంటాయి.

సాఫ్ట్‌వేర్‌లో టెస్ట్ కేస్ రాసేటప్పుడు ముందు ఒకటి అడుగుతాం: ఇది ఏ బగ్‌ని పట్టుకోవడానికి? బగ్ ఉన్నా లేకపోయినా పాస్ అయ్యే టెస్ట్ ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే. చదువు ప్రశ్న కూడా అంతే. చదివి అర్థం చేసుకున్న పిల్లకి జవాబు రావాలి, అర్థం కాని పిల్లకి రాకూడదు.

మన పేరా

సరే, పని మొదలుపెడదాం. ఐదో తరగతి కోసం నేను రాసిన పేరా ఇది. కథ కల్పితమే, ఊరు మాత్రం ధర్మవరం. వాక్యాలకు నంబర్లు వేశాను. మీరు కూడా ప్రశ్నలు రాసే ముందు ఇలా నంబర్లు వేసుకోండి, ఎందుకో కాసేపట్లో తెలుస్తుంది.

1. మూడు రోజులుగా ముసురు పట్టింది.
2. రామక్క ఇంట్లో మగ్గం గుంటలోకి నీళ్లు ఊరాయి.
3. చీర పూర్తి కావడానికి ఇంకా రెండు మూరలే ఉంది.
4. రామక్క పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి గుంటలో చెయ్యి పెట్టి చూస్తోంది.
5. నాలుగో రోజు ఎండ కాసింది, గుంట ఆరింది.
6. ఆ రాత్రి రామక్క ఇంట్లో లైటు ఆరలేదు.
7. మధ్యలో రెండుసార్లు పోగు తెగింది.
8. తెల్లారేసరికి చీర మగ్గం దిగింది.
9. ఆ రోజే ఆమె చీర తీసుకుని ఒక చీరల అంగడికి పోయింది.
10. షావుకారు చీర విప్పి, అంచు పట్టుకుని చాలాసేపు చూశాడు.
11. తర్వాత ఒక ధర చెప్పాడు.
12. రామక్క తల అడ్డంగా ఊపింది.
13. గంటసేపు కూర్చున్నా బేరం తెగలేదు.
14. ఆమె చీర మడిచి సంచిలో పెట్టుకుని లేచింది.
15. షావుకారు గుమ్మం దాకా వచ్చి, "ఉండక్కా, కాఫీ తాగి పోదువు" అన్నాడు.

అంతే, పదిహేను వాక్యాలు. "మగ్గం గుంటలోకి ఏం ఊరాయి?" అని అడిగితే అది మన గెంబు ప్రశ్నే. అలాంటివి పూర్తిగా తీసేయమని చెప్పట్లేదు. పిర్ల్స్ అని ఒక అంతర్జాతీయ చదువు పరీక్ష ఉంది. 2001 నుంచి ఐదేళ్లకోసారి, నాలుగో తరగతి పిల్లలకు పెడతారు. అందులో పేరాలో ఉన్నది ఉన్నట్టు వెతికి చెప్పే ప్రశ్నలకు ఇచ్చే వాటా సుమారు 20 శాతం. మిగతా 80 శాతం చదివినదాన్ని కలుపుకుని ఆలోచించేవి. మన పేపర్లో ఈ లెక్క తిరగబడి ఉందేమో ఒకసారి మీరే చూసుకోండి.

చెప్పకుండా చెప్పినది పట్టుకునే ప్రశ్న

దీన్ని ఊహ ప్రశ్న అంటారు. కానీ "ఊహ" అనే మాట వల్లే చాలామంది దారి తప్పుతారు. ఊహ అంటే ఏదో ఒకటి అనుకోవడం కాదు. జవాబు ఏ ఒక్క వాక్యంలోనూ ఉండదు, కానీ రెండు మూడు వాక్యాలు కలిపితే వస్తుంది. కాబట్టి ప్రశ్న రాయగానే పక్కన ఆధారం నంబర్లు రాయండి. నంబర్లు రాయలేకపోతే అది ఊహ ప్రశ్న కాదు, వట్టి ఊహాగానం.

మూడు ప్రశ్నలు పెట్టి చూద్దాం.

మొదటిది: "ఆ రాత్రి రామక్క ఏం చేసింది? నీకెలా తెలిసింది?"

పేరాలో ఎక్కడా "రాత్రంతా నేసింది" అని లేదు. కానీ 3లో చీర ఇంకా రెండు మూరలు మిగిలి ఉంది. 6లో లైటు ఆరలేదు. 7లో పోగు తెగింది. 8లో తెల్లారేసరికి చీర దిగింది. నాలుగూ కలిపితే ఒకటే జవాబు, రాత్రంతా మగ్గం మీద కూర్చుంది. ఆధారం గట్టిగా ఉంది, ఇంకో జవాబుకు చోటు లేదు. మంచి ప్రశ్న.

రెండోది: "చివరికి రామక్క చీర అమ్మిందా?"

ఇది వినడానికి బాగుంటుంది, క్లాసులో మాట్లాడించడానికి సూపర్. కానీ మార్కులకు పెట్టకూడదు. ఎందుకంటే 15వ వాక్యం దగ్గర కథ ఆగిపోయింది. అమ్మి ఉండొచ్చు, అమ్మకపోయి ఉండొచ్చు. ఏ జవాబుకూ ఆధారం నంబరు లేదు. ఇలాంటిది మార్కులకు పెడితే టీచర్ మనసులో ఏముందో కనిపెట్టిన పిల్లకే మార్కు.

మూడోది: "షావుకారు రామక్కను కాఫీకి ఎందుకు ఉండమన్నాడు?"

ఇక్కడే అసలు చిక్కు. మనం అనుకున్న జవాబు: చీర నచ్చింది, చేజారిపోకూడదని ఆపాడు. కానీ ఒక పిల్ల "మర్యాద కోసం" అని రాస్తుంది. తప్పంటారా? మన ఊళ్లలో ఇంటికి గానీ అంగడికి గానీ వచ్చిన మనిషిని కాఫీ తాగి పొమ్మనడం మామూలే కదా. ఆ పిల్ల చదవకుండా రాయలేదు, తనకు తెలిసిన లోకాన్ని బట్టి రాసింది. ఇలాంటప్పుడు పిల్ల జవాబు కొట్టేయకండి, ప్రశ్న మార్చండి. ఇలా:

"షావుకారుకు చీర నచ్చిందని మనకు ఎలా తెలుస్తుంది? కథలో నుంచి రెండు ఆధారాలు రాయండి."

ఇప్పుడు దారి ఒక్కటే. 10లో అంచు పట్టుకుని చాలాసేపు చూశాడు, ఒకటి. 15లో ఆమె లేచి పోతుంటే గుమ్మం దాకా వచ్చి ఆపాడు, రెండు. ఒక్కో ఆధారానికి ఒక్కో మార్కు. "ధర చెప్పాడు కాబట్టి" అని రాస్తే? నచ్చని చీరకు కూడా తక్కువ ధర చెప్పొచ్చు, అందుకే ఆ ఒక్కదానికి మార్కు లేదు. ఈ నిర్ణయాలన్నీ పేపర్ దిద్దేటప్పుడు కాదు, ప్రశ్న రాసిన రోజే రాసి పెట్టుకోవాలి. లేకపోతే మొదటి పేపర్‌కి ఒక న్యాయం, ముప్పయ్యో పేపర్‌కి ఇంకో న్యాయం అయిపోతుంది.

ధర్మవరం పిల్లకి తెలుసు, హిందూపురం పిల్లకి తెలీదు

ఇప్పుడు 4వ వాక్యం చూడండి. "రామక్క గుంటలో చెయ్యి పెట్టి ఎందుకు చూస్తోంది?" అని అడిగాం అనుకుందాం. గుంట ఆరిందా లేదా అని చూస్తోంది, ఆరితే నేయొచ్చు. బాగానే ఉంది కదా? ఆగండి.

గుంట తడిగా ఉంటే నేత ఆగిపోతుందని పేరాలో ఎక్కడుంది? ఎక్కడా లేదు. గుంట మగ్గం అంటే నేల తవ్వి, అందులో కాళ్లు పెట్టుకుని కూర్చుని, కాళ్లతో తొక్కుతూ నేస్తారు. వాన పడి నీళ్లు ఊరితే పని ఆగిపోతుంది. ధర్మవరంలో నేత ఇంటి పిల్లకి ఇది ఎవరూ చెప్పక్కర్లేదు. హిందూపురంలోనో పెనుకొండలోనో మగ్గమే చూడని పిల్లకి ఇది తెలిసే దారి లేదు. అంటే ఈ ప్రశ్న చదువుని కొలవట్లేదు, ఇల్లు ఎక్కడుందో కొలుస్తోంది.

నేను ఆ ఖాళీని కావాలనే వదిలాను, మీకు చూపించడానికి. దీనికి మందు చాలా సింపుల్. 2వ వాక్యం తర్వాత ఒక వాక్యం కలపాలి: "కాళ్లు పెట్టుకునే గుంట తడిగా ఉంటే నేత సాగదు." ఇప్పుడు ఇద్దరు పిల్లలకీ ఆధారం పేరాలోనే ఉంది. చూడండి, ఒక్కోసారి ప్రశ్నలో కాదు, పేరాలోనే లోపం ఉంటుంది.

దీనికి రివర్స్ కేసు పెనుకొండలో. పెనుకొండ కోట మీద పేరా ఇచ్చి, "1565 యుద్ధం తర్వాత విజయనగర రాజధాని ఎక్కడికి మారింది?" అని పెనుకొండ పిల్లల్ని అడిగితే పేరా చదవాల్సిన పనే లేదు. గగన్ మహల్ పక్కన పెరిగిన పిల్లలు వాళ్లు. చెప్పేస్తారు. ఆ జవాబు కరెక్టే, కానీ వాళ్లు చదివారా లేదా అన్నది మనకు తెలియలేదు.

దీన్ని పట్టుకునే టెస్ట్ ఒకటుంది. పేరా దాచేసి, ప్రశ్నలు మాత్రం పిల్లలకి ఇవ్వండి. మూడు ఆప్షన్ల ప్రశ్న అయితే, పన్నెండు మంది పిల్లల్లో గుడ్డిగా పెట్టినా సుమారు నలుగురికి కరెక్ట్ అవుతుంది. అది మామూలే. తొమ్మిది మందికి కరెక్ట్ అయిందంటే ఆ ప్రశ్నకు పేరా అక్కర్లేదని అర్థం. తీసేయండి, లేదా మార్చండి.

మాట అర్థం: నిఘంటువు కాదు, పక్క వాక్యం చెప్పాలి

ఇక రెండో రకం. "కింది మాటలకు అర్థాలు రాయండి" అని పెడతాం కదా, అది జ్ఞాపకశక్తి పరీక్ష. ముందే తెలిస్తే వస్తుంది, లేకపోతే లేదు. సందర్భాన్ని బట్టి అర్థం అంటే వేరే. మాట తెలియని పిల్ల కూడా చుట్టూ ఉన్న వాక్యాలు చదివి అర్థం పట్టుకోగలగాలి.

మన పేరాలో రెండు మాటలు తీసుకుందాం: "ముసురు", "మూర". హిందూపురం కర్ణాటక సరిహద్దులో ఉంది, ఇంట్లో కన్నడమో ఉర్దూనో మాట్లాడే పిల్లలు క్లాసులో ఉంటారు. వాళ్లకు ఈ రెండు మాటలూ కొత్తవే అనుకుందాం. ఇప్పుడు ఆ మాట మీద వేలు పెట్టి మూసేసి చదవండి.

"మూడు రోజులుగా ____ పట్టింది. మగ్గం గుంటలోకి నీళ్లు ఊరాయి. నాలుగో రోజు ఎండ కాసింది." విడవకుండా పడే వాన అని తెలిసిపోతోంది కదా. కాబట్టి "ముసురు" మీద ప్రశ్న రాయొచ్చు.

"చీర పూర్తి కావడానికి ఇంకా రెండు ____ ఉంది." మూరలా, గజాలా, బెత్తెలా, రోజులా? ఏదైనా సరిపోతుంది. మూర అంటే మోచేయి నుంచి వేలి కొస దాకా ఉండే కొలత అని ఈ పేరా చెప్పదు. కాబట్టి "మూర" మీద ప్రశ్న వద్దు. కింద ఒక లైన్లో అర్థం ఇచ్చేయండి, చాలు. వేలు పెట్టి మూసే ఈ టెస్ట్ అర నిమిషం పని.

ఇంకా మంచి మాటలు ఎలాంటివంటే, పిల్లకి ఒక అర్థం తెలిసి ఉండి, ఇక్కడ వేరే అర్థంలో వాడినవి. మన పేరాలో "తెగు" రెండుసార్లు ఉంది. 7లో పోగు తెగింది. 13లో బేరం తెగలేదు. మొదటిది దారం తెగడం, అందరికీ తెలుసు. రెండోది బేరం ఒక కొలిక్కి రావడం. ప్రశ్న ఇలా:

13వ వాక్యంలో "తెగలేదు" అంటే అర్థం ఏమిటి?
అ) ముక్కలు కాలేదు
ఆ) కుదరలేదు
ఇ) మొదలు కాలేదు

ఒక్కో ఆప్షన్ ఎందుకు ఉందో చూడండి. "ముక్కలు కాలేదు" అనేది తెలిసిన అర్థం. వాక్యం చదవకుండా, మాటని మాత్రమే చూసిన పిల్ల దాన్ని పెడుతుంది. "మొదలు కాలేదు" అనేది 13వ వాక్యం ఒక్కటే చదివిన పిల్ల పెడుతుంది. కానీ 11లో షావుకారు ధర చెప్పాడు, 12లో రామక్క వద్దంది, అంటే బేరం మొదలైపోయింది. ఆ రెండూ చదివిన పిల్లకే "కుదరలేదు" అని తెలుస్తుంది. ఇప్పుడు తప్పు జవాబు కూడా మనకు పనికొస్తోంది. ఆ పిల్ల ఎక్కడ ఆగిపోయిందో చెబుతోంది.

నాలుగో ఆప్షన్ కావాలని "ఆగలేదు" పెట్టారనుకోండి. "గంటసేపు కూర్చున్నా బేరం ఆగలేదు." అయ్యో, ఇది కూడా కొంచెం సరిపోతోందే! తెలివైన పిల్ల ఇక్కడే తికమక పడుతుంది. ప్రతి ఆప్షన్‌నీ అసలు వాక్యంలో పెట్టి బయటకి చదవండి. కథకు సరిపోయేది ఒక్కటే ఉండాలి. మంచి నాలుగోది దొరక్కపోతే మూడే ఉంచండి, పర్వాలేదు. మైకేల్ రోడ్రిగెజ్ అనే పరిశోధకుడు 80 ఏళ్ల అధ్యయనాల్ని కలిపి చూసి, 2005లో తేల్చింది కూడా ఇదే: చాలా సందర్భాల్లో మూడు ఆప్షన్లు సరిపోతాయి.

ఇంకో చిన్న రూల్. ఆప్షన్లలోని మాటలు అడిగిన మాట కంటే తేలిగ్గా ఉండాలి. "తెగలేదు" కింద "పరిష్కృతం కాలేదు" అని పెడితే ఐదో తరగతి పిల్ల ఆప్షన్ అర్థం కాకనే తప్పు పెడుతుంది.

మరి తరగతి లెక్క ఎలా?

ఇదే పేరాని మూడో తరగతికీ ఎనిమిదో తరగతికీ వాడొచ్చా? దాదాపుగా వాడొచ్చు. మారాల్సింది ప్రశ్న. ఆధారాలు ఎంత దూరంలో ఉన్నాయో చూసుకోండి, అందుకే నంబర్లు వేయమన్నాను.

మూడో తరగతికి ఆధారాలు పక్కపక్కనే ఉండాలి. "షావుకారు చెప్పిన ధర రామక్కకు నచ్చిందా?" 11, 12 చాలు. తల అడ్డంగా ఊపింది, నచ్చలేదు. ఐదో తరగతికి మధ్యలో నాలుగైదు వాక్యాల ఎడం ఉండొచ్చు, చీర నచ్చిందనే ప్రశ్నలో 10, 15 కలిపినట్టు. ఎనిమిదో తరగతికి పేరా మొత్తం పట్టుకుని, రాసిన మనిషి గురించి అడగొచ్చు: "షావుకారు ఎంత ధర చెప్పాడో రచయిత ఎందుకు చెప్పలేదు? నీ అభిప్రాయానికి కథలో నుంచి కారణం చూపు." ఇక్కడ జవాబులు వేరువేరుగా ఉంటాయి. మార్కు అభిప్రాయానికి కాదు, చూపిన కారణానికి.

ప్రశ్న పెద్దగా రాసినంత మాత్రాన క్లాసు పెరగదు. "గుంటలోకి ఊరినవి ఏమిటో సవివరంగా తెలుపుము" అన్నా అది గెంబు ప్రశ్నే.

పరీక్ష అయ్యాక చూడాల్సింది

ఇంత చేసినా ఒకటో రెండో తప్పించుకుంటాయి. వాటిని పట్టుకోవడానికి పెద్ద సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు, పేపర్ల కట్ట చాలు. ముప్పై పేపర్లు ఉన్నాయనుకుందాం. మొత్తం మార్కుల ప్రకారం పేర్చండి. పైన పది, కింద పది తీసుకోండి. ఒక్కో ప్రశ్నకి రెండు కట్టల్లో ఎంతమందికి కరెక్ట్ అయిందో లెక్కపెట్టండి.

పైన ఎనిమిది, కింద మూడు వస్తే ప్రశ్న తన పని చేసింది. రెండింట్లోనూ తొమ్మిదేసి వస్తే అది మరీ తేలిక, గెంబు ప్రశ్న అయ్యుంటుంది. పైన నాలుగు, కింద ఐదు వస్తే? బాగా చదివే పిల్లలే తప్పుతున్నారంటే పిల్లల్లో కాదు, ప్రశ్నలో ఏదో ఉంది. సాధారణంగా రెండు జవాబులు సరిపోతుంటాయి, "ఆగలేదు" లాగా. పై కట్టలో తప్పు పెట్టిన ఆ ఆరుగురితో మాట్లాడండి: "ఇది ఎందుకు పెట్టావు నాన్నా?" అని అడగండి. వాళ్లు చెప్పే కారణం సరిగ్గా ఉంటే ఆ ప్రశ్నకి అందరికీ మార్కు కలిపేయండి.

ముప్పై మంది అంటే చిన్న లెక్కే, ఒక మార్కు అటూ ఇటూ అయితే కంగారు పడొద్దు. పెద్ద తేడా ఉన్నవే చూడండి.

ఇక మీకో పని. మన పేరాలో 5లో గుంట ఆరింది, 6లో లైటు ఆరలేదు. "ఆరు" అనే మాటకు రెండు అర్థాలు. ఐదో తరగతికి దీని మీద మూడు ఆప్షన్లతో ఒక ప్రశ్న రాసి, ఆధారం నంబర్లతో సహా కామెంట్లో పెట్టండి. ప్రతి తప్పు ఆప్షన్ పక్కన, అది ఎలాంటి పిల్లని పట్టుకుంటుందో ఒక ముక్క రాయండి. అది రాయలేకపోతే ఆ ఆప్షన్ ఊరికే ఉన్నట్టే లెక్క. వచ్చిన వాటిలో కొన్ని తీసుకుని నెక్స్ట్ ఎపిసోడ్‌లో ఒక్కొక్కటీ వాక్యంలో పెట్టి చూద్దాం. ఉంటాను మరి, బై.